రేటు పెంచుతున్నట్టు పాత కస్టమర్లకు ఉత్తరం

"విజయనగరంలో నాది చిన్న బొటిక్. లైనింగ్ బ్లౌజ్ కుట్టు 450 నుంచి 520 చేయాలి. పాత కస్టమర్లు నొచ్చుకోకుండా ఎలా రాయాలి?"

మేడమ్, ముందు తేదీ తేల్చుకోండి. సిరిమానోత్సవం రద్దీలో పెంచితే అదును చూసి గుంజుతున్నారంటారు. పండగ బట్టలన్నీ ఇచ్చేశాక పెంచండి. గొడవ వచ్చేది ముందే గుడ్డ ఇచ్చినవాళ్లతోనే, కాబట్టి వాళ్ల సంగతి ఉత్తరంలో స్పష్టంగా ఉండాలి. ఇలా రాయండి, అంకెలు మీ ఖర్చును బట్టి మార్చుకోండి:

"నమస్కారమండీ. ఒక్కో బ్లౌజుకు మాస్టరు కూలి 40, లైనింగ్ గుడ్డ 20, హుక్కులు, దారం కలిపి 10 రూపాయలు పెరిగాయి. అందుకని నవంబరు 1 నుంచి లైనింగ్ బ్లౌజ్ కుట్టుకు 450 బదులు 520 తీసుకుంటాం. అక్టోబరు 31లోగా గుడ్డ ఇచ్చినవారికి, డెలివరీ ఎప్పుడైనా, పాత రేటే. ఫాల్, పీకో రేట్లు మారవు. మీరు మా దగ్గరే కుట్టించుకుంటున్నందుకు కృతజ్ఞతలు."

"క్షమించండి" అని పదేపదే రాయకండి, బేరానికి పిలిచినట్టుంటుంది. మగ్గం వర్క్ రేటు మాత్రం ఇందులో కలపొద్దు. అది డిజైన్ చూశాక చెప్పేదే కదా! ఉత్తరం వాట్సాప్‌లో పంపినా, ఒక కాపీ కొలతలు తీసుకునే టేబుల్ దగ్గర అంటించండి.