టెక్ సందేహాలు: మూడేళ్లా, 35 నెలలా, 3.22 ఏళ్లా?

ప్రశ్న: మా బాబాయి ఊళ్లో రెండు రూపాయల మిత్తికి లక్ష రూపాయలు తెచ్చారు. 72ను వడ్డీ రేటుతో భాగిస్తే అప్పు రెట్టింపయ్యే కాలం వస్తుందంటారు కదా, అలా 72ను 24తో భాగిస్తే మూడేళ్లకు రెట్టింపవుతుందని వచ్చింది. గూగుల్ షీట్స్‌లో =LN(2)/LN(1.24) అని కొడితే 3.22 చూపిస్తోంది. అప్పు ఇచ్చినాయనేమో 35 నెలలకే రెట్టింపయిందని అంటున్నారు. ఎవరి లెక్క తప్పు?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: షీట్ తప్పు చెప్పలేదు, అప్పు ఇచ్చినాయన కూడా తప్పు చెప్పలేదు. ఆ రెండు లెక్కలూ వేర్వేరు అప్పులవి. మీరు నోటితో వేసిన మూడేళ్ల లెక్క మాత్రం ఆ రెండింటిలో దేనికీ సరిగ్గా సరిపోదు.

మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మిత్తిని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకుంటాము. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతమని అందరమూ వెంటనే అనేస్తాము కానీ, ఆ మిత్తిని అసలులో ఎప్పుడు కలుపుతారన్న సంగతి ఆ మాటలో ఉండదు. ఏడాదికోసారి నోటు తిరగరాసి అప్పటిదాకా అయిన మిత్తిని అసలులో కలిపితే అది ఒక అప్పు. నెలనెలా కలుపుతూ పోతే అది మరో అప్పు. షీట్‌లో మీరు 1.24 అని రాసినప్పుడు మొదటిదాన్ని లెక్కించమన్నారు. 35 నెలలన్నాయన రెండోదాన్ని లెక్కించారు. ఆయన లెక్కను మీరే సరిచూసుకోవచ్చు:

```
=LN(2)/LN(1+2%)
```

దీనికి జవాబు 35.00 అని వస్తుంది. ఇక్కడ రేటు నెలది కాబట్టి జవాబు కూడా నెలల్లోనే ఉంటుంది. నెలనెలా కలుపుతూ పోతే లక్ష రూపాయలు 35 నెలలకు 1,99,989 అవుతాయి, అంటే రెండు లక్షలకు పదకొండు రూపాయలే తక్కువ.

ఇప్పుడు 72 సంగతి చూద్దాము. నెల రేటుతో 72ను 2తో భాగిస్తే 36 నెలలు వస్తుంది, కానీ అసలు జవాబు 35. ఏడాది రేటుతో 72ను 24తో భాగిస్తే మూడేళ్లు, అంటే మళ్లీ అదే 36 నెలలు వస్తుంది. అక్కడ సంవర్గమానం, అంటే షీట్‌లోని LN, చెప్పే జవాబు 3.22 ఏళ్లు, అంటే సుమారు 38.7 నెలలు. ఒకే సూత్రం ఒకచోట నెల ఎక్కువ చెప్పింది, మరోచోట రెండున్నర నెలలకు పైగా తక్కువ చెప్పింది. ఈ పొరపాటు ఎటువైపు ఉంటుందన్నది భాగించే సంఖ్యను బట్టి మారుతుంది. రేటు సుమారు 7.85 కంటే తక్కువైతే 72 సూత్రం కాలాన్ని ఎక్కువగా చూపిస్తుంది, అంతకంటే ఎక్కువైతే తక్కువగా చూపిస్తుంది. 8 శాతం దగ్గర సూత్రం తొమ్మిదేళ్లు అంటుంది, సంవర్గమానం 9.0065 ఏళ్లు అంటుంది. తేడా రెండు మూడు రోజులే. బ్యాంకు డిపాజిట్ల రేట్లు ఎక్కువగా ఈ చుట్టుపక్కలే ఉంటాయి కాబట్టి అక్కడ సూత్రం బాగా నప్పుతుంది. చేబదులు అప్పుల దగ్గరికి వచ్చేసరికి నప్పదు.

దీనికి కారణం ఉంది. రెట్టింపు కాలం కచ్చితంగా కావాలంటే 2 యొక్క సహజ సంవర్గమానాన్ని, అంటే 0.693ను, (1+రేటు) యొక్క సంవర్గమానంతో భాగించాలి. రేటు చాలా చిన్నదైతే కింది సంవర్గమానం దాదాపు రేటుకే సమానం కాబట్టి, శాతాల్లో చెప్పుకుంటే 69.3ను రేటుతో భాగించినట్టే అవుతుంది. రేటు పెరిగేకొద్దీ కింది సంవర్గమానం రేటు కంటే వెనకబడుతుంది, అందుకని పైన వేయవలసిన సంఖ్య కూడా పెరుగుతూ పోతుంది. అది 2 దగ్గర 70, 8 దగ్గర 72, 24 దగ్గర 77 పైచిలుకు. 72 అన్నది ఈ వరుసలో ఒక్క మెట్టు మాత్రమే. అయినా అదే నిలిచిపోయిందంటే, 2, 3, 4, 6, 8, 9, 12 అన్నింటితోనూ శేషం లేకుండా భాగించడానికి వీలుండటం వల్ల కావచ్చునని నా అభిప్రాయం. 1494లో ఇటలీలో లూకా పచోలి అచ్చువేయించిన గణిత గ్రంథంలోనే ఈ 72 కనిపిస్తుంది. గణితవేత్త నేపియర్ సంవర్గమానాలను ప్రకటించింది 1614లో. అంటే కచ్చితమైన సూత్రం కంటే ఈ చిట్కాయే పాతది.

చేతిలో షీట్ లేనప్పుడు చిట్కాను సరిదిద్దుకునే మార్గం ఒకటుంది. రేటు 8 కంటే ఎంత ఎక్కువో చూసి, ప్రతి మూడింటికీ ఒకటి చొప్పున 72కు కలపండి. తక్కువైతే అలాగే తీసివేయండి. 24కు 8కి తేడా 16, దాన్ని మూడుతో భాగిస్తే 5.33. కలిపితే 77.33. దీన్ని 24తో భాగిస్తే 3.22, అచ్చంగా షీట్ చెప్పిన జవాబే. నెల రేటు 2 అయితే ఆరు తక్కువ కాబట్టి 72లో రెండు తీసేస్తే 70, దానిలో సగం 35.

అయితే 3.22నూ పూర్తిగా నమ్మకండి. ఆ సూత్రం ఏడాది మధ్యలో కూడా చక్రవడ్డీ నడుస్తూనే ఉంటుందని అనుకుంటుంది, మన నోట్లు అలా నడవవు. ఏడాదికోసారే తిరగరాస్తే మూడో ఏడాది చివర బాకీ 1,90,662. రెండు లక్షలకు ఇంకా 9,338 కావాలి. ఆ తర్వాత తిరగరాసేదాకా నెలకు 3,813 చొప్పున బారువడ్డీయే పడుతుంది కాబట్టి, మిగిలింది రెండు నెలల పదమూడు రోజుల్లో నిండుతుంది. సంవర్గమానమైతే రెండు నెలల ఇరవై రోజులు అంటుంది. వారం రోజుల తేడా కోసం ఎవరూ పంచాయితీ పెట్టరు గానీ, కంప్యూటర్ చూపే దశాంశాలన్నీ నోటులోని షరతులు కావన్నది గమనించాలి.

షీట్‌లో రేటు వేసే B1 గడిలో 24% అని రాయండి. ఉత్త 24 అని రాసి =LN(2)/LN(1+B1) కొడితే 0.215 వస్తుంది, అంటే రెండున్నర నెలలకే రెట్టింపన్నమాట. అలాంటి జవాబు కనిపిస్తే శాతం గుర్తు మరిచారని అర్థం. ఫోన్ కాలిక్యులేటర్‌లో పైనా కిందా రెండుచోట్లా log వాడినా, రెండుచోట్లా ln వాడినా జవాబు ఒక్కటే. పైన log, కింద ln పడితే 3.22కు బదులు 1.4 వస్తుంది.

ఇక మీ బాబాయి నోటు తీసి చూడండి. నెలనెలా కలపాలని అందులో రాసుకుని ఉంటే 35 నెలల లెక్క సరైనదే, మూడేళ్లు నిండేసరికి బాకీ 2,03,989 అవుతుంది. ఏడాదికోసారి తిరగరాసే ఒప్పందమైతే అదే రోజుకు 1,90,662. కలపడం అన్న మాటే లేకుండా ఉత్త బారువడ్డీ అయితే మూడేళ్లకు 1,72,000 మాత్రమే, రెట్టింపు కావడానికి 50 నెలలు పడుతుంది. అప్పుడు 72తో గానీ సంవర్గమానంతో గానీ పని లేదు, నూటిని రెండుతో భాగిస్తే చాలు.