తప్పు మేనేజరుది కాదు, లీజుది

ప్రశ్న: తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర 24 గదుల లాడ్జి లీజుకు తీసుకుని నడుపుతున్నాను. జూన్‌లో లక్ష మిగిలింది. జూలైలో కలెక్షన్ పదో వంతే తగ్గింది, చేతికొచ్చింది మాత్రం సగమే. మేనేజరు మీద అనుమానంగా ఉంది. అదే వీధిలో మా బావమరిది మెస్ నడుపుతాడు, అతనికి ఇంత తేడా రాదు. ఇప్పుడు ఓనరు వెనక బిల్డింగులో 12 గదులు కూడా తీసుకోమంటున్నాడు. తీసుకోమంటారా? లెక్కల పుస్తకం జత చేశాను.

జవాబు: ముందు మేనేజరు సంగతి తేల్చేద్దాం. మీ దగ్గర దిగేవాళ్లలో ఎక్కువమంది దర్శనానికి వచ్చి ఒక్క రాత్రి ఉండి వెళ్లిపోయేవాళ్లే. గది ఖాళీ అయిన ప్రతిసారీ బెడ్‌షీట్లు ఉతుకుకు పోవాల్సిందే. జూలైలో రిజిస్టరులో 486 బుకింగులు ఉన్నాయి, లాండ్రీ బిల్లులో 479 సెట్లు ఉన్నాయి. కొందరు రెండో రోజూ ఉండిపోయారు కాబట్టి ఆ ఏడు తగ్గాయి. రిజిస్టరులో లేని గదులు అమ్ముకుంటుంటే లాండ్రీ లెక్క రిజిస్టరును దాటిపోయేది. అలా జరగలేదు. ఆయన్ని ఏమీ అనకండి.

మరి డబ్బు ఎక్కడికి పోయింది? మీ పుస్తకంలోని అంకెలనే, జీఎస్టీ పక్కన పెట్టి, కాస్త గుండ్రంగా చేసి చూద్దాం. ఒక గది ఒక రాత్రి పోతే ఒక బుకింగ్ అనుకుంటే, జూన్‌లో రోజుకు 18 గదుల చొప్పున 540 బుకింగులు వచ్చాయి. సగటు అద్దె 1,200. ఒక గది పోయినందువల్ల అదనంగా అయ్యే ఖర్చు, అంటే లాండ్రీ, సబ్బు, నీళ్లు, ఏసీ కరెంటు, ఏజెంటు కమీషన్ కలిపి 250. కాబట్టి ఒక్కో బుకింగ్ మీద 950 మిగులుతుంది. 540 బుకింగులకు 5,13,000. ఇందులోంచి లీజు 2,60,000, జీతాలు 1,10,000, లిఫ్టు, జనరేటరు, కేబుల్ వగైరా 40,000, అంటే మొత్తం 4,10,000 పోవాలి. మిగిలింది 1,03,000.

జూలైలో 54 బుకింగులు తగ్గాయి. గదికి 950 చొప్పున పోయింది 51,300. లీజు ఒక్క రూపాయి తగ్గలేదు, రిసెప్షన్ కుర్రాడి జీతం తగ్గలేదు, లిఫ్టు కాంట్రాక్టు తగ్గలేదు. దాంతో ఆ 51,300 మొత్తం నేరుగా మీ లాభంలోంచే పోయింది. మిగిలింది 51,700. ఇంతే జరిగింది.

దీన్నే ఆపరేటింగ్ లెవరేజ్ అంటారు. లాభం ఎన్ని రెట్లు ఊగుతుందో తెలియాలంటే స్థిర ఖర్చులు తీయకముందు మిగిలే మొత్తాన్ని లాభంతో భాగించండి. జూన్ లెక్కలో 5,13,000ను 1,03,000తో భాగిస్తే దాదాపు 5. బుకింగులు ఒక శాతం కదిలితే లాభం అయిదు శాతం కదులుతుంది, పైకైనా కిందికైనా. పది శాతం పెరిగి ఉంటే లక్షన్నర పైన మిగిలేది, అప్పుడు మీరు నాకు ఉత్తరం రాసేవారు కాదు.

మీ బావమరిది మెస్‌లో కూడా నెలకు మీ అంత అమ్మకం, మీ అంత లాభం ఉన్నాయనుకుందాం. ఆయన ఖర్చులో పెద్ద భాగం బియ్యం, నూనె, కూరగాయలు, గ్యాస్. అవి అమ్మకంలో అరవై శాతం దాకా ఉంటాయి. జనం తగ్గితే మర్నాడు బియ్యం తక్కువ వేస్తాడు, ఖర్చు దానంతటదే తగ్గుతుంది. అమ్మకం పది శాతం పడితే ఆయనకు పోయేది 26 వేలు, లాభం ఇంకా 77 వేల దగ్గర ఉంటుంది. అలాగని ఆయన వ్యాపారం మీకన్నా మంచిదని కాదు. రద్దీ నెలలో మీరు ఎగిరినంత ఎత్తు ఆయన ఎగరలేడు.

ఆ 5 అనే అంకెను ఎప్పటికీ నిలిచే ముద్ర అనుకోకండి. జూలై అంకెలతో లెక్కేస్తే అది దాదాపు 9 అవుతుంది. నష్టం మొదలయ్యే గీతకు దగ్గరయ్యేకొద్దీ ఊపు పెరుగుతుంది. మీ గీత 432 బుకింగులు, అంటే రోజుకు 14 గదుల పైచిలుకు. జూన్ కన్నా ఇరవై శాతం తగ్గితే చేతికి వచ్చేది నాలుగు వందల రూపాయలు! 2020 మార్చిలో దర్శనాలు ఆగిపోయినప్పుడు తిరుపతి లాడ్జీల పరిస్థితి గుర్తుంది కదా. బుకింగులు సున్నా, లీజు మాత్రం నిండుగా.

ఇలాంటప్పుడు చాలామంది చేసే పొరపాటు రేటు తగ్గించడం. స్టేషన్ ఎదురుగానే టీటీడీ వసతి సముదాయం విష్ణు నివాసం ఉంది కాబట్టి ఆ ఒత్తిడి మీకు ఎటూ ఉంటుంది. కానీ లెక్క చూడండి. అద్దె 120 తగ్గిస్తే ఆ 120 మొత్తం లాభంలోంచే పోతుంది, ఎందుకంటే సబ్బు, లాండ్రీ ఖర్చు మారదు. గదికి మిగిలేది 830 అవుతుంది. జూన్ లాభం మళ్లీ రావాలంటే 619 బుకింగులు కావాలి, అంటే పది శాతం రేటు తగ్గింపుకు పద్నాలుగు శాతం పైగా జనం పెరగాలి. స్కూళ్లు నడిచే జూలైలో అంతమంది ఎక్కడి నుంచి వస్తారు?

ఇక వెనక బిల్డింగు. ఓనరు అడిగే 1,30,000 లీజుకు ఇద్దరు మనుషులు, ఇతర ఖర్చులు కలిపితే నెలకు 1,75,000 స్థిర ఖర్చు అవుతుంది. ‘సగటున 75 శాతం నిండుతున్నాయి కదా, ఇవీ నిండుతాయి’ అని ఆయన అంటాడు. ఈ సగటు దగ్గరే మోసపోతాం. మీకు రోజుకు ఆరు గదులు ఖాళీగా ఉంటున్నాయి. కొత్త గదులకు పని పడేది పాత 24 నిండిపోయిన రోజుల్లోనే. నెలలో అలాంటివి పది రోజులుంటే, ఆ రోజుల్లో పన్నెండూ నిండినా 120 బుకింగులు, 1,14,000 మిగులు. అంటే నెలకు 61 వేలు చేతి నుంచి పెట్టుకోవాలి. రద్దీ రోజుల్లో 1,500 చొప్పున తీసుకున్నా, నెలకు పన్నెండు రోజులు పూర్తిగా నిండితేనే గట్టెక్కుతారు. బ్రహ్మోత్సవాల నెలలో, వేసవి సెలవుల్లో అది కుదురుతుంది. పరీక్షల కాలంలో?

తీసుకోవాలనే ఉంటే నెల లీజు కాకుండా అద్దెలో వాటా అడగండి. ఓనరుకు 35 శాతం ఇస్తే 1,200లో 420 ఆయనకు పోయి, మీకు గదికి 530 మిగులుతుంది. స్థిర ఖర్చు 45 వేలకు దిగుతుంది, 85 బుకింగులతో గీత దాటేస్తారు. ఇది రద్దీ నెలలో మీ లాభాన్ని కొంత తినేస్తుంది. కానీ ఖాళీ నెలల్లో నష్టాన్ని ఓనరుతో పంచుకున్నట్టే. ఆయన వెంటనే ఒప్పుకోకపోవచ్చు. బిల్డింగు ఎన్నాళ్ల నుంచి ఖాళీగా ఉందో వాచ్‌మన్‌ను అడిగి వెళ్లండి, బేరానికి పనికొస్తుంది.

లీజు అడ్వాన్సు అప్పు చేసి కట్టి ఉంటే ఆ ఈఎంఐ నేను పైన లెక్కలో వేయలేదు. అదీ తగ్గని ఖర్చే కాబట్టి మీ గీత 432 కన్నా పైన ఉంటుంది.

ఒక పని ఈరోజే మొదలుపెట్టండి. గదులు లేవని తిప్పి పంపిన ప్రతి పార్టీని, తేదీ, ఎన్ని గదులు అడిగారు అన్నది రిసెప్షన్‌లో ఒక నోటుబుక్కులో రాయించండి. ఆ పుస్తకం బ్రహ్మోత్సవాలకు ముందు రెండు నెలలు, తర్వాత రెండు నెలలు నడవాలి. అప్పటి దాకా ఓనరుకు టోకెన్ అడ్వాన్సు ఇవ్వకండి.