ఎంఎంఆర్ టీకా వేయించుకున్నాను.. గర్భం కోసం నెల ఆగాలా, మూడు నెలలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నా వయసు 28. మా వారు కువైట్‌లో పని చేస్తారు. కిందటేడు ఆరో వారంలో అబార్షన్ అయింది. తర్వాత రక్తపరీక్షలో రుబెల్లా ఐజీజీ నెగెటివ్ అని వస్తే డిసెంబర్ 17న ఎంఎంఆర్ ఇంజెక్షన్ చేశారు. మా వారు జనవరి 10న వచ్చి ఫిబ్రవరి 20న వెళ్లిపోతారు. నెల ఆగితే చాలని ఒక డాక్టరమ్మ, మూడు నెలలు ఆగాల్సిందేనని ఇంకొకరు అంటున్నారు. మూడు నెలలంటే ఈ సెలవంతా పోయినట్టే. డిసెంబర్ 9న నెలసరి వచ్చింది, నాకు సరిగ్గా 28 రోజులకే వస్తుంది. చిన్నప్పుడు ఆటలమ్మ పోయలేదు, దానికీ టీకా వేయించుకోవాలా? మా తోడికోడలి బాబుకి తొమ్మిదో నెల టీకా వేయించాలి. అందరం ఒకే ఇంట్లో ఉంటాం, నేను పుట్టింటికి వెళ్లిపోవాలా?

జవాబు: మీరు ఆగాల్సింది 28 రోజులు. డిసెంబర్ 17 నుంచి లెక్కేస్తే జనవరి 14తో ఆ గడువు తీరిపోతుంది. ఈ సెలవు మీకు పోదు.

మూడు నెలలు అన్న డాక్టర్ మాటా ఊరికే వచ్చింది కాదు. ఒకప్పుడు అందరం అదే చెప్పేవాళ్లం. 2001లో అమెరికా టీకా నిపుణుల కమిటీ ఆ గడువును 28 రోజులకు తగ్గించింది. అప్పటికి అక్కడ చాలా ఏళ్ల వివరాలు చేతిలో ఉన్నాయి. గర్భం వచ్చిందని తెలియక రుబెల్లా టీకా వేయించుకున్న ఆడవాళ్ల పేర్లు 1971 నుంచి 1989 వరకు నమోదు చేసి, వాళ్లకు పుట్టిన పిల్లల్ని పరీక్షించారు. టీకా వల్ల రుబెల్లా లోపాలతో పుట్టిన బిడ్డ ఒక్కరూ కనిపించలేదు. అయినా పాత అలవాటు ఇంకా చాలామంది నోట్లో ఉంది. కొన్ని టీకాల పెట్టెల్లో వచ్చే కాగితాల మీదా మూడు నెలలనే ఉంటుంది. మీకు రెండు మాటలు వినపడటానికి కారణం అదే.

అసలు ఎందుకు ఆగమంటామంటే, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే ఎంఎంఆర్‌లో ఉండేది బతికున్న వైరస్. జబ్బు చేయనంతగా దాన్ని బలహీనపరిచి ఇస్తారు. ఒంట్లోకి వెళ్లాక అది కొన్నాళ్లు పెరుగుతుంది, రక్తంలో కొద్దిగా తిరుగుతుంది. ఈలోగా మన శరీరం దాన్ని గుర్తుపట్టి, రెండు మూడు వారాల్లో యాంటీబాడీలు తయారు చేసుకుని తుడిచేస్తుంది. ఆ తిరిగే రోజుల్లో కడుపులో పిండం ఉండకూడదన్నది మా జాగ్రత్త. నాలుగు వారాలు ఇచ్చామంటే కొంత అదనంగా కలిపే ఇచ్చామన్నమాట. ఈ మధ్యలో వేళ్ల కణుపులు, మోకాళ్లు నొప్పులు పుట్టి, కాస్త జ్వరమో దద్దుర్లో వస్తే కంగారుపడకండి. ఈడొచ్చిన ఆడవాళ్లలో రుబెల్లా టీకా తర్వాత ఒకటి నుంచి మూడు వారాల మధ్య ఇలా కీళ్లనొప్పులు రావడం మామూలే. మన డెల్టాలో కీళ్లు పట్టేస్తే ముందు చికెన్‌గున్యా అనుకుంటారు. మీరు డాక్టర్ దగ్గరికి వెళ్తే టీకా తేదీ కూడా చెప్పండి.

ఇక మీ తేదీలు చూద్దాం. తర్వాతి నెలసరి జనవరి 6న వస్తుంది. 28 రోజుల చక్రంలో అండం సుమారు పద్నాలుగు రోజులకు, అంటే జనవరి 20 ప్రాంతంలో విడుదలవుతుంది. వీర్యకణాలు లోపల అయిదు రోజుల దాకా బతుకుతాయి కాబట్టి గర్భం నిలిచే అవకాశం ఉన్న రోజులు జనవరి 15 నుంచి 20 వరకు. మీ 28 రోజులు 14తోనే అయిపోతున్నాయి. మీ వారు వచ్చిన 10వ తేదీ నుంచి 14 దాకా నిరోధ్ వాడండి. ఒక్కోసారి అండం నాలుగైదు రోజులు ముందే రావచ్చు, అందుకే ఆ మాత్రం జాగ్రత్త. 15 నుంచి ఏమీ అక్కర్లేదు. ఈ నెల నిలవకపోతే ఫిబ్రవరి 3న నెలసరి వచ్చి, ఫిబ్రవరి 12 నుంచి 17 వరకు మళ్లీ అవకాశం ఉంటుంది. మీ వారు అప్పటికి ఇక్కడే ఉంటారు. ఫోలిక్ యాసిడ్ మాత్ర మాత్రం ఇవాళే మొదలుపెట్టండి.

ఇక్కడ మిమ్మల్ని తర్వాత భయపెట్టబోయే సంగతి ఒకటి ముందే చెప్పి ఉంచుతాను. గర్భం నిలిస్తే స్కానింగ్‌లోనూ, ఆసుపత్రి కార్డులోనూ నెలలు లెక్కేసేది కలిసిన రోజు నుంచి కాదు, చివరి నెలసరి మొదటి రోజు నుంచి. అంటే మీ గర్భం జనవరి 6 నుంచి మొదలైనట్టు రాస్తారు. డిసెంబర్ 17 టీకాకి, జనవరి 6కి మధ్య ఇరవై రోజులే ఉన్నాయి. అది చూసి ఎవరో ఒకరు ‘నెల తిరక్కుండానే గర్భం వచ్చేసిందే’ అని మీ మనసులో అనుమానం వేస్తారు. నిజానికి పిండం ఏర్పడేది జనవరి 20 దగ్గర, టీకాకి 34 రోజుల తర్వాత. ఇలాంటి తప్పులెక్కతో బెదిరిపోయి కడుపు తీయించుకోవడానికి మందులడిగే వాళ్లు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. నిక్షేపంలాంటి గర్భం అది. నిజంగానే 28 రోజుల లోపు గర్భం నిలిచినా, లేదా గర్భం ఉందని తెలియక టీకా పడినా కూడా, అబార్షన్ చేయించుకోవడానికి అది కారణం కాదు. ఆ మాట ఎవరన్నా మీరు ఒప్పుకోకండి. టీకా తేదీ డాక్టర్‌కి చెప్పి, మామూలుగా చేయించుకునే స్కానింగ్‌లు చేయించుకుంటే చాలు.

మీ రిపోర్టు గురించి కూడా ఒక మాట. ఐజీజీ నెగెటివ్ అంటే మీకు రుబెల్లా ఎప్పుడూ రాలేదని, టీకా రక్షణా లేదని అర్థం. కిందటేడు గర్భం పోవడానికి రుబెల్లా కారణం కాదు. వచ్చి ఉంటే ఐజీజీ పాజిటివ్‌గా ఉండేది. మన రాష్ట్రంలో 2017 ఆగస్టులో మీజిల్స్-రుబెల్లా టీకా కార్యక్రమం పెట్టి, తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలకు బడుల్లో, అంగన్‌వాడీల్లో వేశారు. మీరు అప్పటికే ఆ వయసు దాటిపోయారు. మీ ఈడు ఆడవాళ్లలో ఈ ఖాళీ కనిపించడానికి అదొక కారణం. గర్భం మొదటి పన్నెండు వారాల్లో అసలు రుబెల్లా సోకితే మాత్రం చాలా ప్రమాదం. బిడ్డకి వినికిడి పోవచ్చు, పుట్టుకతోనే కళ్లలో శుక్లాలు, గుండెలో లోపాలు రావచ్చు. అందుకని మీ డాక్టరమ్మ ముందే టీకా వేయడం చాలా మంచి పని. రుబెల్లా వరకు ఒక్క డోసు చాలు. తట్టు కోసం రెండో డోసు వేయాలనుకుంటే కాన్పు తర్వాత వేస్తారు. బిడ్డకి పాలిస్తున్నా వేయించుకోవచ్చు.

ఆటలమ్మ దగ్గరికి వద్దాం. ఆ టీకా కూడా బతికున్న వైరస్‌దే, దానికీ నెల ఆగాలి. కొన్ని రకాల పెట్టెల్లో కాగితం మూడు నెలలంటుంది కానీ టీకా నిపుణుల సలహా నెలే. రెండు డోసులు, మధ్యలో కనీసం నాలుగు వారాలు. రెండు బతికున్న టీకాల్ని ఒకే రోజు రెండు చేతులకీ వేయొచ్చు. ఒకే రోజు వేయకపోతే వాటి మధ్య 28 రోజులు ఎడం ఉండాలి. డిసెంబర్ 17నే వేసి ఉంటే సరిపోయేది. ఇప్పుడు మొదటి డోసు వేయాలన్నా జనవరి 14 రావాలి, అక్కడి నుంచి మళ్లీ ఫిబ్రవరి 11 దాకా ఆగాలి. జనవరి అవకాశం పోతుంది, ఫిబ్రవరిలో ఆ ఆరు రోజులే మిగులుతాయి. పైగా అప్పటికి పడింది ఒక్క డోసే.

కాబట్టి ముందు ఆటలమ్మ ఐజీజీ పరీక్ష చేయించండి. చిన్నప్పుడు నాలుగు పొక్కులతో తగ్గిపోయి, ఇంట్లో ఎవరికీ గుర్తులేకుండా పోయిన వాళ్లు చాలామంది ఉంటారు. పాజిటివ్ వస్తే మీకు టీకా అక్కర్లేదు. నెగెటివ్ వస్తే మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. మీ వారు మళ్లీ ఎప్పుడొస్తారో మీకే తెలుసు. నన్నడిగితే, ఏడాదికి ఒకసారి దొరికే సెలవు కాబట్టి జనవరి వదులుకోవద్దంటాను. ఆటలమ్మ టీకా కాన్పు తర్వాత వేయించుకోండి. అలా చేస్తే గర్భం ఉన్నన్నాళ్లూ ఒక జాగ్రత్త తప్పదు. వీధిలో ఎవరికైనా అమ్మవారు పోసిందంటే చూడటానికి వెళ్లకండి, వేపమండలు కట్టిన ఇంటి గడప తొక్కకండి. తెలియక దగ్గరికి వెళ్లినట్టయితే పొక్కులు వస్తాయేమోనని ఎదురుచూడొద్దు, వెంటనే ఫోన్ చేయాలి. సోకిన పది రోజుల లోపయితే ఆటలమ్మ ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ ఇస్తారు. అది చిన్న ఊళ్లలో దొరకదు, రాజమండ్రి, కాకినాడ లాంటి పట్టణాల్లో పెద్దాసుపత్రుల్ని వాకబు చేయాల్సి రావచ్చు. అందుకే ఒక్క రోజు కూడా జాప్యం వద్దు.

తోడికోడలి బాబుకి ఎంఆర్ టీకా వేయించండి, మీరు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. టీకా వేసుకున్న పిల్లవాడి నుంచి ఆ వైరస్ గర్భిణికి అంటదు. వాణ్ణి ఎత్తుకోవచ్చు, పక్కలో పడుకోబెట్టుకోవచ్చు. వాడికి పోలియో చుక్కలు వేసినా మీరు దూరంగా ఉండక్కర్లేదు. అసలు ఇంట్లో పిల్లలకు టీకాలు పడి ఉంటేనే మీకు రక్షణ, ఎందుకంటే తట్టు, రుబెల్లా ఇంట్లోకి మోసుకొచ్చేది వాళ్లే. మీ వారు ఎంఎంఆర్ గానీ ఆటలమ్మ టీకా గానీ వేయించుకున్నా మీరు ఆగాల్సిన పని లేదు. ఆ గడువు బిడ్డను మోసే మనిషికే.

మెదడువాపు టీకాలో బతికున్న రకం, చచ్చిన రకం రెండూ ఉన్నాయి కాబట్టి ఎవరైనా వేయించుకోమంటే ఏ రకమో అడగండి. ముక్కులో పీల్చే ఫ్లూ టీకా, ఆఫ్రికా దేశాలకు వెళ్లేవాళ్లకు వేసే ఎల్లో ఫీవర్ టీకా కూడా బతికున్నవే. కువైట్ వెళ్లడానికి ఎల్లో ఫీవర్ అవసరం ఉండదు.

గర్భం నిలిచాక ఏఎన్ఎం గారు ధనుర్వాతం రాకుండా వేసే టీడీ ఇంజెక్షన్‌కి రమ్మంటే మాత్రం ‘గర్భంలో టీకాలు వద్దన్నారు’ అని వెనక్కి తగ్గకండి. అందులో బతికున్న సూక్ష్మజీవి లేదు. చేతికి వేసే ఫ్లూ ఇంజెక్షనూ అంతే, కుక్క కరిస్తే వేసే రేబిస్ టీకా కూడా అంతే, గర్భంతో ఉన్నా వేయించుకోవాలి. డిసెంబర్ 17న వేసిన టీకా సీసా మీది లేబుల్ వివరాలు, బ్యాచ్ నంబరు మీ ఫైల్లో రాసి ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి, లేకపోతే అక్కడికే వెళ్లి తేదీతో సహా రాయించుకోండి.