కెనడా వీసా గ్యారంటీ అంటున్నారా? అయితే ముందు ఇవి అడగండి

“అన్నా, కన్సల్టెన్సీ వాళ్ళు హండ్రెడ్ పర్సెంట్ వీసా గ్యారంటీ అంటున్నారు, కట్టేయమంటారా?” ప్రతి ఇంటేక్ ముందూ ఈ మెసేజ్ ఏదో ఒక ఊరి నుంచి వస్తూనే ఉంటుంది. కట్టొద్దు. ఎందుకో కాస్త వివరంగానే చెప్తాను, ఎందుకంటే “మోసపోకండి” అని ఊరికే అంటే ఎవరికీ ఉపయోగం లేదు, ఆ ఆఫీసులో కుర్చీలో కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియాలి.

స్టడీ పర్మిట్ ఇచ్చేదీ ఆపేదీ కెనడా ఇమిగ్రేషన్ శాఖ ఆఫీసరు. ఫీజు కట్టి, మార్కులు బాగుండి, బ్యాంకులో డబ్బు ఉన్నా సరే, “చదువయ్యాక ఈ దేశం వదిలి వెళ్తారన్న నమ్మకం నాకు కలగలేదు” అని ఒక్క లైన్ రాసి తిరస్కరించే అధికారం ఆయనకుంది, ఆ లైన్ అందుకున్న మనవాళ్ళు బోలెడుమంది. కాబట్టి గ్యారంటీ అనేవాడు రెండు రకాల్లో ఒకడు. నోటికొచ్చింది చెప్పేవాడు ఒకడు. ఆఫీసరుకు నమ్మకం కలిగేలా కాగితాలు తయారుచేసేవాడు ఇంకొకడు. రెండోవాడితోనే అసలు ప్రమాదం, ఎందుకంటే వాడి చేతి మీదుగా వీసా నిజంగానే రావచ్చు, గొడవ నాలుగేళ్ళ తర్వాత మొదలవుతుంది.

ముందు లైసెన్సు సంగతి. గోడ మీద ఫ్రేము కట్టి పెట్టినవన్నీ లైసెన్సులు కావు. జీఎస్టీ రిజిస్ట్రేషన్, ఉద్యమ్ సర్టిఫికెట్, ఐఎస్ఓ కాగితం, ఫలానా కాలేజీ ప్రతినిధి అని ఒక సర్టిఫికెట్... ఇవన్నీ వ్యాపారం నడుపుకోవడానికి పనికొస్తాయి. కాలేజీలో సీటుకి అప్లై చేసిపెట్టడం వరకు అవి చాలు, దానికి కెనడా లైసెన్సు అక్కర్లేదు. కానీ డబ్బు తీసుకుని వీసా గురించి సలహా ఇవ్వాలన్నా, వీసా ఫైలు వెయ్యాలన్నా కెనడా చట్టం ప్రకారం అక్కడి లాయర్ల సంఘాల్లో సభ్యత్వం ఉన్నవాళ్ళు, క్యూబెక్ నోటరీలు, లేదంటే ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ల నియంత్రణ సంస్థలో సభ్యులు అయి ఉండాలి. ఆఫీసు అమీర్‌పేటలో ఉన్నా ఈ రూలు మారదు. ఆ కన్సల్టెంట్లనే ఆర్‌సీఐసీ అంటారు, వాళ్ళ నంబరు R అక్షరంతో మొదలవుతుంది.

ఆ నంబరు అడిగి, college-ic.ca సైట్‌లో పబ్లిక్ రిజిస్టర్ ఉంటుంది, అందులో వెతకండి. పేరు కనిపించగానే సరే అనుకుని ఫోన్ పక్కన పెట్టేయకండి. స్టేటస్ యాక్టివ్ అని ఉందా, సస్పెండ్ అయిందా చూడాలి. ఇక్కడ జరిగే మాయ ఏంటంటే, నంబరు నిజమైనదే ఉంటుంది, మనిషి మాత్రం వేరు. ఎక్కడో కెనడాలోని బ్రాంప్టన్‌లో ఉండే ఎవరిదో నంబరు తీసుకుని ఇక్కడ బోర్డు మీద వేసుకుంటారు. అందుకని రిజిస్టర్‌లో ఆ కన్సల్టెంటుకు ఇచ్చిన ఈమెయిల్‌కి మీరే రాయండి: హైదరాబాద్‌లో ఫలానా ఆఫీసు మీదేనా, నా ఫైలు మీరే చూస్తున్నారా అని. నిజమైన కన్సల్టెంట్ రాతపూర్వక ఒప్పందం ఇస్తారు, అందులో వాళ్ళ పేరు, నంబరు, ఫీజు ఉంటాయి. ఇంకో మాట, ఫలితానికి గ్యారంటీ ఇవ్వకూడదని వాళ్ళ వృత్తి నియమావళిలోనే ఉంది. అంటే లైసెన్సు ఉండి మరీ గ్యారంటీ అంటున్నాడంటే తన నియమం తనే తప్పుతున్నాడని అర్థం.

డబ్బు తీసుకుని ఫైలు వేసేవాళ్ళు IMM 5476 అనే ఫారంలో తమ పేరు, సభ్యత్వ నంబరు రాయాలి, కింద మీరు సంతకం పెట్టాలి. లైసెన్సు లేనివాడు ఈ ఫారం పెట్టడు, పెడితే దొరికిపోతాడు కదా. మీ పేరు మీదే ఆన్‌లైన్ ఖాతా తెరిచి, తన ఈమెయిల్ ఇచ్చి, పాస్‌వర్డూ సెక్యూరిటీ ప్రశ్నలూ తన దగ్గరే ఉంచుకుని, మీరే సొంతంగా అప్లై చేసుకున్నట్టు పంపిస్తాడు. ఆ ఫైల్లో ఏముందో మీకు తెలీదు. ఇంతకు ముందు ఒకసారి రిజెక్ట్ అయిన సంగతి దాచేశాడేమో, లేని ఉద్యోగ అనుభవం పెట్టాడేమో. ప్రభుత్వం దృష్టిలో మాత్రం అదంతా మీరు రాసిందే. “లాగిన్ మా దగ్గరే సేఫ్‌గా ఉంటుంది” అన్నాడంటే అక్కడితో బేరం ఆపేయండి.

ఆఫర్ లెటర్ విషయానికొస్తే, ఈ మధ్య ఖమ్మం జిల్లా నుంచి మా తోడల్లుడి బంధువుల అబ్బాయి ఒకతను తన లెటర్ వాట్సాప్‌లో పంపి ఒకసారి చూడమన్నాడు. లోగో బాగుంది, ఫీజు బాగుంది, డీఎల్ఐ నంబరు కూడా ఉంది. డీఎల్ఐ అంటే విదేశీ విద్యార్థులను చేర్చుకోవడానికి అనుమతి ఉన్న విద్యాసంస్థకు ఇచ్చే నంబరు, O అక్షరంతో మొదలవుతుంది (సున్నా కాదు), canada.ca లోని జాబితాలో కాలేజీ పేరుతో సరిచూసుకోవచ్చు. సరిచూశాం, కలిసింది. అయినా నాకు ఒకటి నచ్చలేదు. కాలేజీ నుంచి వచ్చిన అసలు మెయిల్ పంపమంటే అబ్బాయి దగ్గర లేదు, ఏజెంటు పంపిన పీడీఎఫ్ ఒక్కటే ఉంది. కాలేజీ పోర్టల్‌లోకి వెళ్దామంటే అక్కడ నమోదైంది ఏజెంటు మెయిల్.

సరే, లెటర్ మీదున్న ఫోన్ నంబరు వదిలేసి, కాలేజీ సైట్‌లో అంతర్జాతీయ అడ్మిషన్ల విభాగం మెయిల్ పట్టుకుని, విద్యార్థి నంబరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టులో ఉన్నట్టు పేరు రాసి, లెటర్ జతచేసి, “ఇది మీరు ఇచ్చిందేనా, ఇందులో షరతులు ఏమైనా ఉన్నాయా” అని అబ్బాయి చేతే రాయించాను. వాళ్ళు అభ్యర్థితో తప్ప నాతో మాట్లాడరు, అందుకే అతని చేత. జవాబు వచ్చింది: దరఖాస్తు నిజమే, లెటరూ మేం ఇచ్చిందే, కానీ ఇంగ్లిష్ స్కోరు వచ్చేదాకా అది షరతులతో ఇచ్చిన అడ్మిషన్ మాత్రమే. మన పీడీఎఫ్‌లో ఆ షరతు ఉన్న పేరా లేదు. మళ్ళీ జూమ్ చేసి చూస్తే సంతకం పైన ఆ మేర ఖాళీ ఉంది, మిగతా పేజీలో లైన్ల మధ్య దూరం ఎక్కడా అంత లేదు. మొత్తం లెటరే దొంగదయ్యుంటే ముందే అనుమానం వచ్చేది, నిజం కాగితంలో ఒక్క పేరా చెరిపితే ఎవరు పట్టుకుంటారు చెప్పండి!

జలంధర్ ఏజెంటు కేసు చాలామంది వినే ఉంటారు. 2018 ప్రాంతంలో దొంగ ఆఫర్ లెటర్లతో పిల్లల్ని పంపాడు, ఎక్కువమంది పంజాబీలు. వాళ్ళకి వీసాలు వచ్చాయి. దిగాక “ఆ కాలేజీలో సీట్లు అయిపోయాయి” అని వేరే కాలేజీలో చేరమన్నాడు, చేరారు, చదివారు, ఉద్యోగాలు చేశారు, పర్మినెంట్ రెసిడెన్సీకి అప్లై చేసినప్పుడు పాత లెటర్ దొంగదని తేలి దేశం వదిలి వెళ్ళమన్నారు. 2023లో పెద్ద గొడవయ్యాక ఒక్కో కేసూ విడిగా చూశారు. ఆ ఏజెంటుకు 2024లో కెనడా కోర్టు మూడేళ్ళ శిక్ష వేసింది.

ఆ గొడవ తర్వాత 2023 డిసెంబర్ 1 నుంచి పద్ధతి మారింది. మీరు ఫైలు వెయ్యగానే ఇమిగ్రేషన్ శాఖ ఆ లెటర్‌ను నేరుగా కాలేజీకే పంపి నిజమా కాదా అని అడుగుతుంది, కాలేజీ 10 రోజుల్లో చెప్పాలి. కాలేజీ ధ్రువీకరించకపోతే ఫైలు ముందుకు కదలదు. దాంతో పూర్తి దొంగ లెటర్ చెల్లే రోజులు దాదాపు పోయినట్టే. అందుకే ఇప్పుడు మోసం డబ్బు కాగితాల మీదికి మారింది. ట్యూషన్, ప్రయాణం కాకుండా ఒక్కరి ఖర్చుకే 22,895 కెనడా డాలర్లు చూపించాలి, 2025 సెప్టెంబర్ నుంచి ఇది లెక్క. ఇంట్లో అంత లేకపోతే “ఫండ్స్ మేం చూపిస్తాం, వీసా వచ్చాకే మాకివ్వండి” అంటారు. వినడానికి ఎంత బాగుందో! మనకి రిస్కే లేదనిపిస్తుంది. కానీ వాళ్ళు చూపించిన ఎఫ్‌డీ దొంగదని ఆఫీసరు బ్యాంకుకి ఫోన్ చేసి పట్టుకుంటే తప్పుడు సమాచారం కింద ఐదేళ్ళ నిషేధం పడేది మీ పాస్‌పోర్టు మీద. ఏజెంటు ఆ మర్నాడు ఇంకొకరి ఫైలు చేసుకుంటాడు.

ట్యూషన్ కూడా ఏజెంటు ఖాతాలో వెయ్యకండి. కాలేజీ సైట్‌లో ఫీజు కట్టే పేజీ నుంచే కట్టి, రసీదు మీ మెయిల్‌కి వచ్చేలా చూసుకోండి. వీసా ఫీజు 150 డాలర్లు, బయోమెట్రిక్స్ 85, ఇంతే ప్రభుత్వానికి వెళ్ళేది. “ఎంబసీ ఛార్జీలు” అని లక్షల్లో ఎవరైనా అడిగితే ఆ లెక్క ఎక్కడిదో అడగండి. పీఏఎల్ అనే రాష్ట్ర ధ్రువీకరణ లెటర్ కూడా అవసరమైనవాళ్ళకు కాలేజీ ద్వారానే వస్తుంది, అది బయట కొనే సరుకు కాదు.

ఉద్యోగం వీసా అని చెప్పి ఎల్ఎంఐఏ అమ్మేవాళ్ళ గురించి ఒక్క ముక్క. ఎల్ఎంఐఏ అంటే విదేశీ పనివాడిని పెట్టుకోవడానికి అక్కడి యజమాని తీసుకునే అనుమతి. ఆ అనుమతికి ఫీజు ఒక్కో పోస్టుకు 1,000 డాలర్లు, కట్టాల్సింది యజమాని, దాన్ని పనివాడి దగ్గర వసూలు చెయ్యకూడదు. కాబట్టి పదిహేను లక్షలకు ఎల్ఎంఐఏ అంటే ఆ యజమాని నిజంగా ఉన్నా సరే ఆ బేరం చట్టవిరుద్ధం. పర్మినెంట్ రెసిడెన్సీకి పాయింట్లు వస్తాయని ఆశపెడతారు, కానీ దానికి అప్లై చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో జాబ్ ఆఫర్‌కి ఇచ్చే పాయింట్లు 2025 మార్చిలోనే తీసేశారు.

ఇప్పటికే ఫైలు వేసేశారా? ఏజెంటు దగ్గర నుంచి పంపిన ప్రతి కాగితం కాపీ, అప్లికేషన్ నంబరు తీసుకోండి. ఆ నంబరుతో సొంత ఖాతాకి ఫైలు లింక్ చేసుకోవచ్చు. అందులో మీకు తెలియని ఉద్యోగమో ఎఫ్‌డీనో కనిపిస్తే, నిర్ణయం రాకముందే canada.ca లో ఉండే వెబ్ ఫారం ద్వారా ఆ తప్పు ఏంటో రాసి పంపండి, లేదా ఫైలు వెనక్కి తీసుకోండి. అది చేసినంత మాత్రాన మచ్చ పూర్తిగా పోతుందని చెప్పలేను గానీ, వాళ్ళు పట్టుకున్నాక చెప్పడం కన్నా ఎంతో మేలు. అప్పటికే “మీ వివరణ ఇవ్వండి” అని లెటర్ వచ్చేసి ఉంటే అందులో ఒక గడువు తేదీ ఉంటుంది, ఆ తేదీలోగా జవాబు వెళ్ళాలి, ఆ జవాబు మాత్రం పాత ఏజెంటు చేత రాయించకండి, లైసెన్సు రిజిస్టర్‌లో సరిచూసిన మనిషి చేతే రాయించండి.