అమ్మ నగలు అమ్మితే టాక్స్ ఎంత?

అమ్మ పోయి ఏడాదైంది. ఆవిడ 1985లో కొనుక్కున్న ఐదు తులాల గొలుసు విజయనగరంలో అమ్ముతున్నాం. నా చేతికొచ్చి ఏడాదే కాబట్టి టాక్స్ ఎక్కువ పడుతుందా?

పడదు, ఆ టెన్షన్ వద్దు. వారసత్వంగా వచ్చిన బంగారానికి కాలం మీ చేతికొచ్చిన రోజు నుంచి కాదు, అమ్మగారు కొన్న రోజు నుంచే లెక్క. 24 నెలలు దాటింది కాబట్టి ఇది దీర్ఘకాలిక లాభం, పన్ను 12.5 శాతం. ధరల పెరుగుదలను బట్టి కొన్న ధరను పెంచి చూపించుకునే ఇండెక్సేషన్‌ను 2024 జులై 23 నుంచి తీసేశారు.

కొన్న ధర కూడా అమ్మగారిదే. అయితే 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నది కనుక, ఆ రోజు మార్కెట్ విలువనే కొన్న ధరగా చూపించుకోవచ్చు. 1985 బిల్లు దొరకలేదని చాలామంది ధర సున్నా వేసేస్తారు, అది అన్యాయంగా నష్టపోవడమే. రిజిస్టర్డ్ వాల్యూయర్ దగ్గర గొలుసు అమ్మకముందే రిపోర్టు రాయించుకోండి. కరిగించాక తూకం, మేలిమి చూపించడానికి ఏమీ మిగలదు.

ఉదాహరణకు 2001 విలువ 20 వేలు, అమ్మకం 3,50,000 అనుకుందాం. లాభం 3,30,000. పన్ను 41,250, దాని మీద 4 శాతం సెస్సు 1,650, మొత్తం 42,900. మీకు వేరే ఆదాయం లేకపోతే, బేసిక్ మినహాయింపులో, అంటే పన్ను పడని ఆదాయ పరిమితిలో, మిగిలిన మేరకు లాభం తగ్గించుకోవచ్చు.

పాతది ఇచ్చి కొత్త నగ తీసుకున్నా అది అమ్మకమే. మీరే కొన్న బంగారు నాణేలు 24 నెలలలోపు అమ్మితే మాత్రం లాభం మీ జీతంతో కలిసి స్లాబ్ ప్రకారం పన్ను పడుతుంది.