ఏటా 5 శాతం అద్దె పెంపు: అడ్వాన్సు తీసుకునే ముందు అద్దెదారుకు చూపాల్సిన లెక్క

ప్రశ్న: పాలకొల్లులో మాకు రోడ్డు మీద ఒక షాపు ఉంది. ఆక్వా మందుల దుకాణం పెట్టుకుంటానని ఒక కుర్రవాడు వచ్చాడు. నెలకు 12,000 అద్దె, ఏటా 5 శాతం పెంపు, 5 ఏళ్లు అని నోటిమాటగా అనుకున్నాం. అగ్రిమెంటు 11 నెలలకు రాయిస్తే చాలని లేఖరి అంటున్నారు. ఆ పెంపు ఎలా పడుతుందో అబ్బాయికి నేను ఎలా వివరించాలి, కాగితంలో ఏం రాయించాలి? — రిటైర్డ్ ఉపాధ్యాయుడు, పాలకొల్లు

జవాబు: మాస్టారూ, ముందుగా లేఖరి గారి సలహా గురించి చెప్పాలి, ఎందుకంటే మిగిలినదంతా దాని మీదే ఆధారపడి ఉంది. 11 నెలల అగ్రిమెంటులో ఏటా పెంపు అని రాస్తే, ఆ పెంపు మొదలయ్యే రోజు రాకముందే అగ్రిమెంటు గడువు తీరిపోతుంది. పోనీ 5 ఏళ్లకు రాసి రిజిస్టరు చేయించకుండా ఉంచుకుందామా అంటే, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం అలాంటి లీజు పత్రం తప్పనిసరిగా రిజిస్టరు కావాలి. కాకపోతే, రేపు తగాదా వచ్చి కోర్టుకు వెళ్లినప్పుడు అందులోని అద్దె పెంపు షరతును మీరు సాక్ష్యంగా చూపలేరు. 11 నెలలు గడిచాక కొత్త కాగితం లేకుండా మీరు పాత అద్దె తీసుకుంటూ ఉంటే, అది నెలనెలా సాగే అద్దె ఒప్పందంగానే పరిగణనలోకి వస్తుంది తప్ప, 5 శాతం దానంతట అది కలవదు.

11 నెలలకోసారి కొత్త అగ్రిమెంటు రాసుకుంటూ ప్రతిసారీ 5 శాతం పెంచుకోవడం చాలామంది చేస్తున్న పనే. అయితే అలా చేస్తే 5 ఏళ్లలో పెంపు నాలుగుసార్లు కాక ఐదుసార్లు పడుతుంది, 11, 22, 33, 44, 55 నెలలు నిండినప్పుడు. ఏటా పెంపు అని మాట ఇచ్చి ఇలా చేయడం అద్దెదారుకు అన్యాయమని నా అభిప్రాయం. మీరు నిజంగా 5 ఏళ్లకే ఇవ్వదలచుకుంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో లీజు దస్తావేజు రిజిస్టరు చేయించండి. ఖర్చు ఎవరు భరించాలో కూడా ఇప్పుడే తేల్చుకోండి. కొత్త షాపుకు అరలు, ఫ్రిజ్, బోర్డు అంటూ డబ్బు పెట్టే ఆ అబ్బాయికి కూడా ఆ 5 ఏళ్ల భరోసా అవసరం.

ఇక లెక్క. 5 శాతం దేని మీద అన్నది కాగితంలో లేకపోవడమే ఎక్కువ తగాదాలకు మూలం. అప్పుడు నడుస్తున్న అద్దె మీద 5 శాతం అని మీరు అనుకుంటారు. మొదటి అద్దె 12,000 మీద ఏటా 600 అని అతను అనుకుంటాడు. మొదటి పెంపులో ఇద్దరి లెక్కా 12,600 దగ్గరే కలుస్తుంది కాబట్టి తేడా ఉందని ఎవరికీ తెలియదు. మూడో ఏడు మీరు 13,230 అడిగి, అతను 13,200 తెచ్చిన రోజున బయటపడుతుంది. 5 శాతం దగ్గర ఈ తేడా చిన్నదే, అయిదో ఏట కూడా నెలకు రెండు వందల లోపే. అదే 10 శాతం పెంపు అయితే అయిదో ఏట నెలకు సుమారు 770 రూపాయల దాకా వెళ్తుంది.

అందుకే శాతంతో సరిపెట్టకుండా రూపాయల్లో పట్టిక రాయించండి. నడుస్తున్న అద్దె మీద 5 శాతం వేసి, దగ్గరి పది రూపాయలకు సవరిస్తే ఇలా వస్తుంది: 2026 జూన్ 1 నుంచి 12,000, 2027 జూన్ 1 నుంచి 12,600, 2028 నుంచి 13,230, 2029 నుంచి 13,890, 2030 జూన్ 1 నుంచి 2031 మే 31 వరకు 14,580. మీ ప్రారంభ తేదీ వేరైతే దానికి తగ్గట్టు మార్చుకోండి. శాతానికీ పట్టికకూ పొంతన కుదరకపోతే పట్టికలోని అంకెదే చెల్లుబాటు అని ఒక వాక్యం చేర్చండి. అబ్బాయితో కూర్చున్నప్పుడు నెల అద్దెతో పాటు 5 ఏళ్ల మొత్తం 7,95,600 అని కూడా చెప్పండి. నెలకు 12,000 అన్న మాట ఒక్కటే విని ఒప్పుకొనేవాడు, ఈ మొత్తం చూసి తన వ్యాపారం దాన్ని మోయగలదో లేదో ఆలోచించుకుంటాడు. ఆ ఆలోచన అడ్వాన్సు ఇచ్చాక కన్నా ఇవ్వకముందే జరగడం మీ ఇద్దరికీ మేలు.

తేదీ విషయంలో ఒక చిన్న చిక్కు ఉంది. మన ప్రాంతంలో చాలా చోట్ల నెల గడిచాక, తరువాతి నెల 5వ తేదీ లోపు అద్దె ఇస్తారు. పెంపు జూన్ 1 నుంచి అని రాస్తే, జూన్ 5న అతను తెచ్చేది మే నెల అద్దె, అంటే పాత అంకె. కొత్త అంకె చేతికి వచ్చేది జూలై మొదటివారంలో. "జూన్ నెల అద్దె నుంచి" అని రాస్తే ఈ గందరగోళం ఉండదు. తాళాలు ముందే ఇచ్చి, అరలు బిగించుకోవడానికి కొన్ని రోజులు అద్దె లేకుండా వదిలితే, ఏడాది లెక్క తాళాలు ఇచ్చిన రోజు నుంచి కాదు, అద్దె మొదలైన రోజు నుంచి అని స్పష్టం చేయండి.

పెంపు నిర్ణీతం అంటే అది మీకూ కట్టుబాటే అని అతనికి చెప్పండి. ఆ వీధిలో షాపుల అద్దెలు ఎంత పెరిగినా ఈ 5 ఏళ్లలో మీరు పట్టికకు మించి అడగలేరు. అతని బేరాలు తగ్గినా పట్టికకు తక్కువ ఇవ్వలేడు. 5 ఏళ్లు పూర్తయ్యాక మళ్లీ కొత్తగా మాట్లాడుకోవాలి. పెంపు అద్దెకు మాత్రమే. కరెంటు బిల్లు వాడకాన్ని బట్టి వేరుగా ఉంటుంది. అడ్వాన్సు కూడా పెంపుతో పాటు పెరుగుతుందా లేక మొదట ఇచ్చినంతే ఉంటుందా అన్నది రాయండి. మొదట ఇచ్చినంతే ఉంచమని నా సలహా.

మీ అద్దెదారు వ్యాపారాన్ని బట్టి మరొకటి చెప్పాలి. చెరువు రైతులు మందులు అరువుకు తీసుకెళ్లి, రొయ్యల పట్టుబడి అయ్యాక డబ్బు కడతారు. రొయ్య ధర పడిపోయిన ఏడాది షాపువాడి డబ్బంతా చెరువుల్లోనే ఉండిపోతుంది. అలాంటి ఏట అతను వచ్చి "ఈసారికి పెంపు ఆపండి మాస్టారూ" అంటే మీరు మనసు కరిగి సరే అంటారు. చిక్కు వచ్చేది ఆ మరుసటి ఏడు. ఉదాహరణకు 2027లో పెంపు వదిలేసి 12,000 చొప్పున తీసుకున్నారనుకోండి. 2028లో అతను ఇవ్వాల్సింది 12,000 మీద 5 శాతం వేసిన 12,600నా, పట్టికలో ఉన్న 13,230నా? వదిలిన నెలకు 600 తరువాత వసూలు చేస్తారా, పూర్తిగా మాఫీయా? నోటిమాటగా వదిలేస్తే రెండు పక్షాల వాదనకూ బలం ఉంటుంది. రాయితీ ఇచ్చిన రోజునే ఒక కాగితం మీద "2027 జూన్ నుంచి 2028 మే వరకు మాత్రమే నెలకు 600 తగ్గిస్తున్నాను, ఈ మొత్తం తిరిగి అడగను, 2028 జూన్ నెల అద్దె నుంచి దస్తావేజులోని పట్టిక ప్రకారమే" అని రాసి, ఇద్దరూ సంతకాలు చేసి చెరొక ప్రతి ఉంచుకోండి. నెలనెలా ఇచ్చే రసీదులో కూడా ఏ నెల అద్దె, ఎంత అద్దె, ఎంత రాయితీ అన్నది విడిగా రాయండి.