ఎంవీఆర్‌వీ 1 కిందికి వచ్చేదాకా బిట్‌కాయిన్ కొనకుండా ఆగాలా?

ప్రశ్న: సర్, నాకు 34 ఏళ్లు, హైదరాబాద్‌లో ప్రైవేట్ ఉద్యోగం. రెండేళ్లుగా నెలకు 10,000 చొప్పున బిట్‌కాయిన్‌లో పెడుతున్నాను, 2 లక్షల 40 వేలు అయింది. పదేళ్ల దాకా తీసే అవసరం లేదు. ఎంవీఆర్‌వీ 1 కిందికి వస్తేనే కొనాలని, 3.5 దాటగానే మొత్తం అమ్మేసి మళ్లీ తగ్గాక కొనుక్కోవాలని మా ఫ్రెండ్ అంటున్నాడు. సిప్ ఆపేసి అలా చేయొచ్చా?

జవాబు: సిప్ ఆపకండి. మార్కెట్ ధర అందరి సగటు కొనుగోలు ధరకు ఎన్ని రెట్లు ఉందో చెప్పే అంకే ఎంవీఆర్‌వీ. మీ ఫ్రెండ్ చెప్పిన 1, 3.5 అనే రెండు గీతల్లో కింది గీత కొంతవరకు పనికొస్తుంది. పై గీతను నమ్ముకుని మన దేశంలో అమ్మితే మాత్రం ఎక్కువగా నష్టమే. అవి ఎలా పుడతాయో తెలిస్తే ఎందుకో మీకే అర్థమవుతుంది.

మొత్తం మూడే బిట్‌కాయిన్లు ఉన్నాయనుకుందాం. ఒకటి 100 డాలర్ల ధర దగ్గర, రెండోది 10,000 దగ్గర, మూడోది 60,000 దగ్గర చివరిసారి చేతులు మారాయి. ఈ మూడు ధరలూ కలిపితే 70,100. దాన్ని మూడుతో భాగిస్తే వచ్చే 23,367 డాలర్లే రియలైజ్డ్ ప్రైస్. అంటే బ్లాక్‌చెయిన్‌లో కనిపించే లెక్క ప్రకారం అందరి సగటు కొనుగోలు ధర అన్నమాట. ఇప్పుడు మార్కెట్ ధర 60,000 ఉంటే, దాన్ని 23,367తో భాగించగా వచ్చే 2.57 ఎంవీఆర్‌వీ. అది 1 కన్నా తక్కువ ఉంటే సగటు మనిషి నష్టంలో ఉన్నట్టు. 3 దాటితే సగటు మనిషి డబ్బు మూడింతలైనట్టు, కాబట్టి అమ్మడానికి చాలామందికి చెయ్యి దురదగా ఉంటుంది.

అయితే బ్లాక్‌చెయిన్‌కు కాయిన్ కదిలిందని మాత్రమే తెలుస్తుంది, అమ్మారా లేదా అన్నది తెలియదు. పై ఉదాహరణలో 100 డాలర్ల ఆసామి ఏమీ అమ్మకుండా, తన కాయిన్‌ను పాత వాలెట్ నుంచి కొత్త వాలెట్‌కు మార్చుకున్నాడనుకోండి. లెక్కలో అతని ధర 100 నుంచి 60,000 అయిపోతుంది. రియలైజ్డ్ ప్రైస్ 43,333కు ఎగబాకుతుంది, ఎంవీఆర్‌వీ 1.38కి పడిపోతుంది. మార్కెట్లో ఒక్క రూపాయి చేతులు మారలేదు, కానీ బిట్‌కాయిన్ ‘చవక’ అయిపోయింది! ఇది ఊహ మాత్రమే కాదు. దివాళా తీసిన మౌంట్ గాక్స్ అనే బిట్‌కాయిన్ ఎక్స్ఛేంజ్ ట్రస్టీ దగ్గర ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న దాదాపు 1,40,000 బిట్‌కాయిన్లు 2024 మే నెలలో కొత్త వాలెట్లకు మారాయి. అప్పటి ధర 68,000 డాలర్ల చుట్టుపక్కల. ఇలాంటి కదలికలను సరిచేసి చూపించే చార్టులూ ఉన్నాయి, చేయనివీ ఉన్నాయి. రెండు సైట్లలో అంకె తేడాగా కనిపిస్తే కంగారుపడకండి.

దీనికి రివర్స్‌లో ఇంకోటి జరుగుతుంది. ఆ 100 డాలర్ల ఆసామి పాస్‌వర్డ్ పోగొట్టుకున్నాడనుకోండి, ఆ కాయిన్ ఇక ఎప్పటికీ రాదు. అయినా లెక్కలో ఉంటూ సగటును కిందికి లాగుతుంది. దాన్ని తీసేసి చూస్తే సగటు 35,000, ఎంవీఆర్‌వీ 1.71 మాత్రమే. 2.57కి, 1.71కి ఎంత తేడా ఉందో చూడండి. అందుకే ఎంవీఆర్‌వీ విలువను దశాంశాల దాకా పట్టించుకోవద్దంటాను.

ఇప్పుడు కింది గీత సంగతి. 2022 జూన్‌లో ధర రియలైజ్డ్ ప్రైస్ కిందికి జారింది, అంటే ఎంవీఆర్‌వీ 1 కిందికి వచ్చింది. నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజ్ దివాళా తీసినప్పుడు రియలైజ్డ్ ప్రైస్ 20,000 డాలర్ల పైచిలుకు ఉంటే, మార్కెట్ ధర 16,000 కిందికి వచ్చింది. 2018 డిసెంబర్‌లో అయితే గీతకు దాదాపు 30 శాతం కిందికి పోయింది. కాబట్టి ఇది నేల కాదు, దీని కింద కూడా లోతుంది. పైగా గీత కూడా నిలకడగా ఉండదు. 2022లో జనం నష్టానికి అమ్ముతున్న కొద్దీ ఆ కాయిన్ల ధర లెక్కలో తగ్గి, ఏడాది మొదట్లో 24,000 దగ్గరున్న రియలైజ్డ్ ప్రైస్ కూడా కిందికి దిగింది.

అయినా ఆ నెలల్లో కొన్నవాళ్లకు మంచి ధరే దక్కింది, అది నిజం. చిక్కల్లా అలాంటి నెలలు చాలా తక్కువ. 2023 జనవరిలో ధర మళ్లీ గీత దాటింది. ఆ తర్వాత 2025 ముగిసేదాకా దాని కింద నిలవలేదు. 2023 ఫిబ్రవరిలో మీ ఫ్రెండ్ మాట విని ఆగినవాళ్లు దాదాపు మూడేళ్లు ఒక్క రూపాయి కూడా పెట్టకుండా చూస్తూ ఉండిపోవాల్సి వచ్చేది. ఈలోగా ధర అయిదింతలు దాటి పోయింది.

పై గీత ఇంకా బలహీనం. 2018లో మురాద్ మహ్ముదోవ్, డేవిడ్ ప్యూయెల్ అనే విశ్లేషకులు ఈ నిష్పత్తిని పరిచయం చేసినప్పుడు, అప్పటిదాకా వచ్చిన శిఖరాలను చూసి 3.7 దగ్గర గీత గీశారు. 2021 మొదట్లో ఎంవీఆర్‌వీ ఆ దరిదాపులకు వచ్చింది కూడా. కానీ అదే ఏడాది నవంబర్‌లో 69,000 డాలర్ల శిఖరం దగ్గర ఎంవీఆర్‌వీ 3 కూడా దాటలేదు. 2025 అక్టోబర్‌లో 1,26,000 తాకినప్పుడు అంతకన్నా తక్కువే. మార్కెట్ పెద్దదయ్యే కొద్దీ శిఖరాలు కుదించుకుపోతున్నాయి. 3.5 కోసం కూర్చున్నవాళ్లకు ఆ రెండు శిఖరాల్లోనూ అమ్మే సంకేతం రాలేదు.

సరే, వచ్చిందే అనుకుందాం. మీ 2,40,000 మూడింతలై 7,20,000 అయ్యాక అమ్మారు. లాభం 4,80,000. మన దేశంలో క్రిప్టో లాభంపై ప్రస్తుతం 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్, కలిపి 31.2 శాతం. అంటే 1,49,760 పోతుంది, చేతిలో 5,70,240 మిగులుతుంది. మళ్లీ అన్నే కాయిన్లు కొనాలంటే ధర కనీసం 21 శాతం పడాలి, అది అసలుకు అసలు సరిపోవడానికే. ఎన్నేళ్లు దాచుకున్నా పన్ను రేటు తగ్గదు. ఒకసారి అంచనా తప్పి నష్టపోతే, ఆ నష్టాన్ని ఇంకో లాభంలోంచి మినహాయించుకోవడానికి వీల్లేదు, వచ్చే ఏడాదికీ తీసుకెళ్లలేరు. అమ్మినప్పుడు కోసుకునే 1 శాతం టీడీఎస్ మాత్రం రిటర్నులో సర్దుబాటు అవుతుంది. ఈ నియమాలు ఉన్నంతకాలం గీతలు చూసి అమ్మి, మళ్లీ కొనడం మీలాంటి పదేళ్ల మనిషికి నేను సిఫారసు చేయను.

నేనైతే ఈ అంకెను వాయిదా పరిమాణానికే వాడమంటాను. ఎంవీఆర్‌వీ 1కి 2.5కి మధ్య ఉన్నంతకాలం మామూలుగా 10,000 పెట్టండి. 2.5 దాటితే 5,000 కొని, మిగతా 5,000 లిక్విడ్ ఫండ్‌లో వేయండి. 1 కిందికి వస్తే 20,000 చేయండి. ఆ అదనపు డబ్బు అప్పుడు జీతంలోంచి రాదు, ముందే ఉండాలి. 2018 నవంబర్‌లో 1 కింద మొదలైన దశ అయిదు నెలల్లోపే ముగిసింది, 2022ది మధ్యలో కాస్త పైకీ కిందికీ ఆడుతూ ఏడు నెలలు సాగింది. కాబట్టి లిక్విడ్ ఫండ్‌లో 70,000 ఉంటే చాలు. ఆ దశ ఇంకా సాగితే మళ్లీ 10,000కు వచ్చేయండి, అప్పు చేసి మాత్రం కొనకండి.

నెలకోసారి, వాయిదా రోజున చూస్తే చాలు. చూసేటప్పుడు పేరు సరిగ్గా గమనించండి. ఎంవీఆర్‌వీ జడ్-స్కోర్ అని ఇంకో చార్టు ఉంటుంది, దాని లెక్క వేరు, అందులోని 3కి మనం చెప్పుకున్న 3కి పొంతన లేదు. అలాగే గత 155 రోజుల్లో కొన్నవాళ్ల సగటును మాత్రమే చూపించే ‘షార్ట్ టర్మ్ హోల్డర్’ గీత మామూలు సర్దుబాట్లలోనే తెగిపోతూ ఉంటుంది. గ్రూపుల్లో తిరిగే స్క్రీన్‌షాట్లలో చాలావరకు ఆ గీతవే. అది చూసి ఆ నెల 20,000 పెట్టేయకండి.